వాక్యాల్లో ఉన్న బడ్జెట్‌ను పట్టికలో పెట్టడం ఎలా?



మన జిల్లాలో చిన్న పెద్ద సేవా సంఘాలు చాలా ఉన్నాయి. ఏడాదికి ఒకసారి సర్వసభ్య సమావేశం జరుగుతుంది. కార్యదర్శి లేచి నిలబడి ఏడాది నివేదిక చదువుతారు. ఎంత కేటాయించామో, ఎంత ఖర్చయిందో అన్నీ అందులో ఉంటాయి. అయితే అన్నీ వాక్యాల్లోనే ఉంటాయి. వినేవారికి ఒక అంకె మనసులో నిలిచేలోపే నాలుగో అంకె వచ్చి పడుతుంది. చివరికి "మొత్తం మీద బడ్జెట్‌కు లోబడే ఖర్చు చేశాం" అనే మాట ఒక్కటే గుర్తుంటుంది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ దాని వెనుక ఏముందో వాక్యాల్లో కనిపించదు, పట్టికలో కనిపిస్తుంది. ఎలా కనిపిస్తుందో ఒక నమూనా నివేదిక తీసుకుని అడుగడుగునా చూపించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

బోధన్ చుట్టుపక్కల చెరకు పండించిన పాత తరం వారికి ఈ విషయం కొత్తది కాదు. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ, చెరకు కాటా చీటీ ఎలా ఉండాలో రైతులు మరిచిపోలేదు. నిండు బండి తూకం ఒక చోట, ఖాళీ బండి తూకం ఒక చోట, ఆ రెండింటి తేడా ఒక చోట ఉండాలి. "మీ బండిలో చెరకు బాగానే వచ్చింది" అని ఒక వాక్యం రాసిచ్చి పంపితే ఏ రైతూ ఒప్పుకోడు. దాతల సొమ్ముకూ అలాంటి మూడు అంకెలు కావాలి: అనుకున్నది, అయినది, తేడా.

నమూనా నివేదిక

కింది పేరా మేము పాఠం కోసం తయారు చేసుకున్నది. ఏ ఒక్క సంఘానిదీ కాదు. అయితే ఇలాంటి పేరాలు మీరు తప్పక విని ఉంటారు.

"2024-25 సంవత్సరానికి మొత్తం 6,00,000 రూపాయలు ఖర్చు చేయాలని నిర్ణయించాం. 120 కుటుంబాలకు 1,500 రూపాయల చొప్పున రంజాన్ రేషన్ కిట్లు ఇవ్వాలనుకున్నాం. ధరలు పెరిగి కిట్టు 1,650 పడింది, కుటుంబాలు కూడా 130 అయ్యాయి. ఇంటర్, డిగ్రీ చదివే 40 మందికి ఒక్కొక్కరికి 5,000 చొప్పున రెండు సమాన విడతల్లో వజీఫా ప్రకటించాం. మొదటి విడత అందరికీ అందజేశాం. రెండవ విడత 16 మందికి ఇచ్చాం, మిగిలిన వారికి త్వరలో అందజేయనున్నాం. మహిళల కుట్టు కేంద్రానికి 8,000 చొప్పున 10 మిషన్లు కొనాలనుకున్నాం. ఒక దాత 2 మిషన్లు ఇచ్చినందున 8 మిషన్లు 8,500 చొప్పున కొన్నాం. కుట్టు నేర్పే టీచరుకు నెలకు 4,000 గౌరవ వేతనం. ఆమె జూన్ నుంచి పని చేస్తున్నారు. వైద్య సహాయానికి 50,000 కేటాయించగా 62,000 ఇవ్వవలసి వచ్చింది. ఆఫీసు అద్దె నెలకు 2,500, కరెంటు, ముద్రణ కలిపి 16,500 అయింది. అల్లాహ్ దయ వల్ల మొత్తం మీద బడ్జెట్‌కు లోబడే ఖర్చు చేశాం."

చదవడానికి ఈ పేరాలో లోపమేమీ లేదు. దాచిపెట్టినది కూడా ఏమీ లేదు. అయినా సమావేశంలో కూర్చున్న వారిలో ఎవరికీ ఇందులోని అసలు సంగతి తెలియదు. ఇప్పుడు దీన్ని విప్పుదాం.

మొదటి అడుగు: క్రియలకు గీతలు

పేరాను ఒక కాగితం మీద రాసుకుని రెండు రంగుల పెన్సిళ్లు తీసుకోవాలి. అనుకున్నదాన్ని చెప్పే మాటల కింద నీలం గీత, జరిగినదాన్ని చెప్పే మాటల కింద ఎర్ర గీత గీయాలి. "నిర్ణయించాం", "ఇవ్వాలనుకున్నాం", "కేటాయించగా" అన్నవి నీలం. "పడింది", "అందజేశాం", "కొన్నాం", "అయింది" అన్నవి ఎరుపు.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. "వజీఫా ప్రకటించాం" అన్న మాట జరిగిపోయిన పనిలా వినిపిస్తుంది. ప్రకటన జరిగిన మాట నిజమే, డబ్బు చేతులు మారలేదు. కనుక "ప్రకటించాం", "మంజూరు చేశాం" అన్నవి నీలం గీత కిందకే వస్తాయి. "త్వరలో అందజేయనున్నాం" అన్నది నీలమూ కాదు, ఎరుపూ కాదు. దాని చుట్టూ ఒక సున్నా చుట్టి పక్కన పెట్టాలి. ఆ సున్నా దగ్గరకు మళ్లీ వస్తాం.

ఏ గీతా లేని మాటలు కూడా ఉంటాయి. "టీచరుకు నెలకు 4,000 గౌరవ వేతనం" అన్న వాక్యంలో క్రియే లేదు. అది అనుకున్నదా, ఇచ్చినదా? రెండూ అయి ఉండవచ్చు. ఏడాదికి అనుకుని ఉంటే 12 నెలలు, జూన్ నుంచి మార్చి వరకు ఇచ్చి ఉంటే 10 నెలలు. ఇలాంటి చోట ఊహించి రాయకూడదు. తీర్మానాల పుస్తకం తెరిచి ఏమని తీర్మానించారో చూడాలి, క్యాష్ బుక్ తెరిచి ఎన్ని నెలలు ఇచ్చారో చూడాలి. మన నమూనాలో 12 నెలలకు తీర్మానించి 10 నెలలు ఇచ్చారని అనుకుందాం.

రెండవ అడుగు: పద్దులు ఏర్పరచడం

పట్టికలో ఒక్కో అడ్డ వరుసకు ఒక పద్దు. పద్దు అంటే డబ్బు దేని కోసమన్నది, దేన్ని కొన్నామన్నది కాదు. బియ్యం, నూనె, పప్పు, చక్కెర అని నాలుగు పద్దులు పెడితే పట్టిక కిరాణా చిట్టా అవుతుంది. "రంజాన్ రేషన్" అని ఒక్క పద్దు చాలు. అలాగని కుట్టు కేంద్రం మొత్తాన్ని ఒకే పద్దులో పడేయడమూ మంచిది కాదు. మిషన్లు ఒక్కసారి కొనేవి, గౌరవ వేతనం నెలనెలా ఇచ్చేది. రెండింటి తేడాలకు కారణాలు వేరు. కలిపితే ఒకదాని మిగులు రెండవదాని లోటును కప్పేస్తుంది. అందుకే వాటిని రెండు వరుసలుగా ఉంచుతాం.

"ఇతర ఖర్చులు" అనే పద్దును వీలైనంత చిన్నదిగా ఉంచాలి. అడగవలసిన ప్రశ్నలన్నీ అందులోనే దాక్కుంటాయి.

మూడవ అడుగు: గడులు నింపడం

ఇప్పుడు గుణకారాలు చేయాలి. రేషన్ అనుకున్నది 120 సార్లు 1,500, అంటే 1,80,000. అయినది 130 సార్లు 1,650, అంటే 2,14,500. వజీఫా అనుకున్నది 40 సార్లు 5,000, అంటే 2,00,000. ఇచ్చినది మొదటి విడత 40 మందికి 2,500 చొప్పున 1,00,000, రెండవ విడత 16 మందికి 40,000, వెరసి 1,40,000. మిషన్లకు అనుకున్నది 80,000, అయినది 68,000. వేతనం అనుకున్నది 48,000, అయినది 40,000. ఆఫీసుకు అయినది అద్దె 30,000, కరెంటు, ముద్రణ 16,500, వెరసి 46,500.

ఆఫీసుకు ఎంత అనుకున్నారో పేరాలో లేనే లేదు. మిగతా అయిదు పద్దుల అనుకున్న మొత్తం 5,58,000. దాన్ని 6,00,000 నుంచి తీసివేస్తే 42,000 వస్తుంది. ఆఫీసుకు అంతే అనుకుని ఉంటారని రాసేయాలనిపిస్తుంది. ఆగాలి. ఆ 42,000లో అత్యవసర నిధి కూడా కలిసి ఉండవచ్చు. లేదా 6 లక్షలు అన్నది గుండుగుత్తగా చెప్పిన అంకె కావచ్చు. తీసివేతతో వచ్చిన అంకెను గడిలో పెన్సిల్‌తో రాసి, తీర్మానాల పుస్తకంలో చూసిన తరువాతే పెన్నుతో దిద్దాలి. మన నమూనాలో అది సరిపోయిందనుకుందాం.

తేడాను ఎటు నుంచి ఎటు తీసివేయాలో ముందే నిర్ణయించి పట్టిక తల మీద రాయాలి. మేము అనుకున్నదాని నుంచి అయినదాన్ని తీసివేస్తాం. అప్పుడు ఖర్చుల పట్టికలో + అంటే అనుకున్నదానికంటే తక్కువ ఖర్చయింది, − అంటే మించిపోయింది.

| పద్దు | అనుకున్నది (రూ.) | అయినది (రూ.) | తేడా: అనుకున్నది − అయినది (రూ.) |
|---|---:|---:|---:|
| రంజాన్ రేషన్ | 1,80,000 | 2,14,500 | −34,500 |
| వజీఫా | 2,00,000 | 1,40,000 | +60,000 |
| కుట్టు మిషన్లు | 80,000 | 68,000 | +12,000 |
| టీచరు గౌరవ వేతనం | 48,000 | 40,000 | +8,000 |
| వైద్య సహాయం | 50,000 | 62,000 | −12,000 |
| ఆఫీసు | 42,000 | 46,500 | −4,500 |
| మొత్తం | 6,00,000 | 5,71,000 | +29,000 |

పట్టిక సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక తేలికైన మార్గం ఉంది. చివరి గడిని రెండు దారుల్లో లెక్కించాలి. అడ్డంగా 6,00,000 నుంచి 5,71,000 తీసివేస్తే 29,000. నిలువుగా తేడాలన్నీ కూడితే మిగులు 80,000, మించినది 51,000, వెరసి 29,000. రెండూ కలిస్తే కూడికలు, తీసివేతలు సరిగా ఉన్నట్టు. కలవకపోతే ఎక్కడో ఒక గుర్తు తారుమారైంది. అయితే ఈ పరీక్ష లెక్కనే పట్టుకుంటుంది. ఒక ఓచరు తప్పు పద్దులో పడితే దీనికి దొరకదు. దాని కోసం ఓచర్లు తిరగవేయాల్సిందే.

కంప్యూటరులో చేసేవారికి రెండు సూత్రాలు చాలు. A గడుల్లో పద్దులు, B గడుల్లో అనుకున్నది, C గడుల్లో అయినది, D గడుల్లో తేడా ఉంటే, మొదటి పద్దు రెండవ వరుసలో మొదలవుతుంది:

```
D2:  =B2-C2
B8:  =SUM(B2:B7)
```

మొదటి సూత్రాన్ని D8 వరకు కిందికి లాగాలి, రెండవదాన్ని C8కు లాగాలి. గడిలో అంకె ఒక్కటే ఉండాలి. "1,80,000 రూపాయలు" అని మాటలతో కలిపి కొడితే కంప్యూటరు దాన్ని అంకెగా చూడదు. మొత్తంలో అది కలవదు, అయినా మొత్తం గడిలో తప్పని చూపించదు. గుర్తుపట్టే ఉపాయం ఏమిటంటే, మామూలుగా అంకెలు గడిలో కుడి వైపుకు, మాటలు ఎడమ వైపుకు జరిగి ఉంటాయి. అంకెల వరుసలో ఏదైనా ఎడమకు ఒదిగి కనిపిస్తే అది మొత్తంలో లేదన్నమాట.

మిగులు అంటే ఏమిటి?

ఇప్పుడు పట్టికను చదువుదాం. మొత్తం మీద 29,000 మిగిలింది. నివేదికలో చెప్పిన చివరి వాక్యం అక్షరాలా నిజం. కానీ + గుర్తు ఉన్న మూడు వరుసలను విడివిడిగా చూడండి. మూడూ మూడు రకాల మిగుళ్లు.

మిషన్ల 12,000 నిజమైన ఆదా. కేంద్రానికి రావలసిన 10 మిషన్లూ వచ్చాయి, ఖర్చు తగ్గింది. రెండు మిషన్లు కొనకపోవడం వల్ల 16,000 మిగిలింది, కొన్న ఎనిమిదింటికి 500 చొప్పున ధర పెరిగి 4,000 ఎక్కువైంది. ఇక్కడ ఒక జాగ్రత్త. దాత ఇచ్చిన మిషన్లకు డబ్బు రాలేదు, పోలేదు కాబట్టి ఈ పట్టికలో వాటికి చోటు లేదు. అవి పట్టిక కింద ఒక గమనికగా, సంఘం సామాను రిజిస్టరులో రెండు వస్తువులుగా ఉండాలి. లేకపోతే వచ్చే ఏడాది ఎవరైనా కేంద్రానికి వెళ్లి మిషన్లు లెక్కపెడితే పది కనిపిస్తాయి, పుస్తకంలో ఎనిమిదే ఉంటాయి.

వేతనంలో 8,000 ఆదా కాదు, జరగని పని. ఏప్రిల్, మే నెలల్లో కుట్టు తరగతులు లేవు. డబ్బు మిగిలింది, రెండు నెలల శిక్షణ పోయింది.

వజీఫాలో 60,000 మాత్రం ఈ రెండింటి వంటిది కాదు. మొదటి అడుగులో సున్నా చుట్టిన మాట ఇదే. రెండవ విడత అందని విద్యార్థులు 24 మంది. 24 సార్లు 2,500 సరిగ్గా 60,000. అంటే ఆ గడిలో ఉన్నది మిగులు కాదు, మాట ఇచ్చి ఇంకా ఇవ్వని సొమ్ము. దాన్ని ఇస్తే ఏమవుతుందో లెక్క వేయండి. ఖర్చు 5,71,000 నుంచి 6,31,000కు పెరుగుతుంది. బడ్జెట్ కంటే 31,000 ఎక్కువ. మిగిలిన 29,000 దానికి చాలదు.

దీన్ని మరోలా చెప్పాలంటే, రేషన్, వైద్యం, ఆఫీసు మూడింటిలో మించిపోయిన 51,000 ఎక్కడి నుంచి వచ్చింది? మిషన్లు, వేతనం నుంచి వచ్చింది 20,000 మాత్రమే. మిగతా 31,000 ఆ 24 మంది పిల్లల రెండవ విడత నుంచి వచ్చింది. అలా చేయాలని ఎవరూ తీర్మానించలేదు. ఎవరూ చెడు ఉద్దేశంతోనూ చేయలేదు. ముందు వచ్చిన అవసరానికి ముందు ఇచ్చారు, చివరి విడత చివరికి వచ్చింది. మన ప్రాంతంలో వజీఫా కోసం దరఖాస్తు పెట్టే ఇళ్లలో చాలా వాటిలో తల్లి బీడీలు చుడుతుంది. కాలేజీ ఫీజుకు రెండవ విడత వస్తుందని నమ్మి ఆ ఇంట్లో వేరే చోట అప్పు చేసి ఉండవచ్చు. "త్వరలో" అన్న ఒక్క మాట ఆ సంగతినంతా మోస్తోంది.

అందుకని ప్రకటించి ఇచ్చే పద్దులున్న సంఘాలు నాలుగు నిలువు వరుసలతో ఆగకుండా, అయిదవది "ఇంకా ఇవ్వవలసినది" అని పెట్టుకోవాలి. వజీఫా వరుసలో అక్కడ 60,000 రాస్తాం. పట్టిక కింద "ఇవ్వవలసినది పోగా తేడా: −31,000" అని ఒక వాక్యం చేరుస్తాం. గడువు పెట్టిన లావాదేవీని చిన్నదైనా పెద్దదైనా రాసి పెట్టుకోమని ఖుర్ఆన్‌లోని సూరా బఖరా 282వ ఆయతు ఆదేశం. ఈ అయిదవ వరుస ఆ స్ఫూర్తికి దగ్గరగా ఉంటుంది.

మించినది ఎందుకు మించింది?

− గుర్తున్న వరుసల్లో పెద్దది రేషన్, 34,500. నివేదిక రెండు కారణాలు చెప్పింది, ధర పెరిగింది, కుటుంబాలు పెరిగాయి. ఏ కారణం వల్ల ఎంత పెరిగిందో చెప్పలేదు. అది తీయడం కష్టం కాదు.

కుటుంబాలు 120 దగ్గరే ఆగి ఉంటే ధర పెరుగుదల వల్ల 120 సార్లు 150, అంటే 18,000 ఎక్కువయ్యేది. దాని మీద కొత్తగా చేరిన 10 కుటుంబాలకు 1,650 చొప్పున 16,500. రెండూ కలిపితే 34,500, పట్టికలోని తేడాతో సరిపోయింది.

ఇలా విడదీయడం ఎందుకంటే, ఈ రెండింటికి జవాబుదారీ వేరు. ధర బజారులో పెరిగింది. దానికి కమిటీ చేయగలిగింది కిట్టులో ఏదైనా తగ్గించడమో, ముందుగా టోకు ధరకు కొనడమో. పది కుటుంబాలను చేర్చడం మాత్రం మన నిర్ణయం. మంచి నిర్ణయమే కావచ్చు. కానీ ఎవరు, ఏ సమావేశంలో తీసుకున్నారు? ఆ రోజున వజీఫా రెండవ విడత సంగతి ఎవరికైనా గుర్తుందా? పట్టిక జవాబు చెప్పదు, ప్రశ్నను సరైన చోట నిలబెడుతుంది.

రెండు క్యాలెండర్ల చిక్కు

ప్రతి మైనారిటీ సేవా సంఘానికీ ఎదురయ్యే మరో సంగతి ఉంది. మన లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. మన దానధర్మాలు ఎక్కువగా నడిచేది హిజ్రీ నెలల మీద. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి రంజాన్ ప్రతి ఏటా ముందుకు జరుగుతూ వస్తుంది.

2024లో మన దగ్గర రంజాన్ మార్చి 12న మొదలై, ఈద్ ఏప్రిల్ 11న వచ్చింది. 2025లో రంజాన్ మార్చి 2న మొదలై, ఈద్ మార్చి 31న వచ్చింది. అంటే 2024-25 లెక్కల సంవత్సరంలో మొదటి పక్షంలో ఒక ఈద్, ఆఖరి రోజున మరో ఈద్. ఫిత్రా పంచే సంఘాలకు ఆ ఏడాది "అయినది" గడిలో రెండు పండుగల ఫిత్రా పడి ఉంటుంది. అనుకున్నది ఒక పండుగకే అయితే ఖర్చు దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. అది అధిక ఖర్చు కాదు, క్యాలెండరు చేసిన పని. పట్టికలో "ఫిత్రా, ఏప్రిల్ 2024" అనీ "ఫిత్రా, మార్చి 2025" అనీ రెండు వరుసలు పెడితే చిక్కు విడిపోతుంది.

రేషన్ విషయంలోనూ ఇదే చూడాలి. 2024 రంజాన్ కిట్లు ఆ మార్చిలోనే పంచి ఉంటారు, అది అంతకు ముందు ఏడాది ఖర్చు. కానీ కిరాణా దుకాణం బిల్లు ఏప్రిల్‌లో చెల్లించి ఉంటే, క్యాష్ బుక్‌లో అది 2024-25లో కనిపిస్తుంది. అందుకే 2,14,500 అంతా 2025 రంజాన్‌దేనా అని ఓచర్ల తేదీలు చూసుకోవాలి. కిట్టు ధరను కుటుంబాల సంఖ్యతో గుణిస్తే క్యాష్ బుక్ అంకె రాకపోతే, మొదట అనుమానించవలసింది ఈ పాత బిల్లునే.

ఎవరి సొమ్ము, ఏ పద్దుకు?

చివరిగా ఒక మాట. పైన చూసిన పట్టికలో రూపాయలన్నీ ఒకటే అన్నట్టు రాశాం. మన సంఘాల్లో అవి ఒకటి కావు. జకాత్ వేరు, సాధారణ విరాళం వేరు. మన ప్రాంతంలో ఎక్కువ మంది పాటించే హనఫీ మజ్‌హబ్ ప్రకారం, జకాత్ సొమ్ము హక్కుదారు చేతికి వెళ్లి అతని సొంతం కావాలి. ఆఫీసు అద్దెకూ, సంఘం పేరిట ఉండే మిషన్లకూ అది చెల్లదు. వివరాలు ఉలమాలు చెప్పవలసినవి. లెక్క రాసేవారి పని పట్టికలో దాన్ని కనిపించేలా పెట్టడం.

నమూనా పద్దులను రెండు గుంపులు చేద్దాం. మనుషుల చేతికి నేరుగా ఇచ్చినవి రేషన్, వజీఫా, వైద్యం. వాటి మొత్తం 4,16,500. కుట్టు కేంద్రం, ఆఫీసు కలిపి 1,54,500. ఈ రెండవ గుంపుకు సరిపడా సాధారణ విరాళాలు వచ్చి ఉండాలి. ఆ రసీదు పుస్తకం తెరిచి కూడితే 1,40,000 మాత్రమే వచ్చిందనుకోండి. అప్పుడు 14,500 రూపాయలు జకాత్ సొమ్ము నుంచి వెళ్లకూడని చోటికి వెళ్లాయన్నమాట. ముందు ఏడాది నుంచి వచ్చిన సాధారణ నిల్వ ఉంటే తప్ప దీనికి వేరే జవాబు లేదు. మొదటి గుంపు చూసుకుని కూడా నిశ్చింతగా ఉండలేం. రేషన్ తీసుకున్న వారు, వజీఫా పొందినవారు జకాత్‌కు అర్హులో కాదో దరఖాస్తుల్లో రాసి ఉండాలి. ఇవన్నీ చూడాలంటే పద్దు పక్కన "ఏ నిధి" అనే ఒక నిలువు వరుస చేర్చితే చాలు. ఇందుకోసం రసీదు పుస్తకాలు మొదటి నుంచే వేర్వేరుగా ఉండాలి. ఒకే పుస్తకంలో రాసిన విరాళాలను ఏడాది చివర విడదీయడం ఎవరి వల్లా కాదు.

సమావేశంలో ఏం చదవాలి?

పట్టిక వచ్చాక నివేదిక చదవడం మానుకోనక్కరలేదు. ఒక్క పేజీ పట్టిక జిరాక్స్ తీయించి అందరి చేతికి ఇచ్చి, తేడా గడుల మీద మాత్రమే మాట్లాడితే సరిపోతుంది. మన నమూనా సంఘం కార్యదర్శి అప్పుడు ఇలా చదవవలసి ఉంటుంది: "రేషన్‌లో 34,500 మించింది, అందులో 18,000 ధర వల్ల, 16,500 పది కుటుంబాలను చేర్చడం వల్ల. వైద్యంలో 12,000, ఆఫీసులో 4,500 మించింది. మిషన్లలో 12,000 ఆదా అయింది. రెండు నెలలు తరగతులు జరగనందున వేతనంలో 8,000 మిగిలింది. 24 మంది విద్యార్థులకు 60,000 ఇవ్వవలసి ఉంది. చేతిలో బడ్జెట్ మిగులు 29,000. ఇంకా 31,000 కావాలి."

ఈ చివరి వాక్యం వినగానే సభలో ఎవరో ఒకరు చేయెత్తుతారు. ఆ 31,000 ఎలా సమకూర్చాలి, ఏ తేదీలోపు ఇవ్వాలి అని అడుగుతారు. దానికి అక్కడే ఒక తీర్మానం రాయవచ్చు, తీర్మానంలో తేదీ వేయవచ్చు. "బడ్జెట్‌కు లోబడే ఖర్చు చేశాం" అన్న వాక్యం విన్నప్పుడు చేయెత్తడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.